కౌంటు సరిగ్గా రాస్తే నిజాయితీపరుడిని అయిపోతానా? అరిస్టాటిల్ దగ్గర ఇరుక్కున్నాను

లంక కుర్రాడు

అందరికీ నమస్కారమండి. నాది డిగ్రీ మొదటి సంవత్సరం, ఫిలాసఫీ ఒక సబ్జెక్టు. సద్గుణ నీతి పాఠం నడుస్తోంది. అరిస్టాటిల్ నికోమాకియన్ ఎథిక్స్ రెండో భాగం దగ్గర బండి ఆగిపోయింది.

న్యాయమైన పనులు చేయగా చేయగా మనిషి న్యాయవంతుడవుతాడు, ధైర్యంగా నిలబడగా నిలబడగా ధైర్యవంతుడవుతాడు అంటాడాయన. వినడానికి బానే ఉంది. కానీ న్యాయమైన పని చేశాడంటే వాడు అప్పటికే న్యాయవంతుడన్నట్టే కదా? ఇంక కొత్తగా అయ్యేదేమిటి? న్యాయవంతుడు కాకపోతే ఆ మొదటి పని ఎలా చేశాడు? క్లాసులో అడిగితే "ముందు చదువు, తర్వాత అర్థమవుతుంది" అన్నారు.

నా సంగతే తీసుకోండి. సెలవుల్లో మా ఊరి దగ్గర రొయ్యలు కొనే ఒకాయన దగ్గర కౌంటు తీసే పనికి వెళ్తున్నాను. పట్టుబడి రోజున ట్రేలోంచి కిలో రొయ్య తూచి, ఎన్ని కాయలు ఉన్నాయో లెక్కపెట్టి పుస్తకంలో రాయాలి. 50 వస్తే 50 కౌంటు, 60 వస్తే 60 కౌంటు. సంఖ్య పెరిగితే రొయ్య చిన్నదని అర్థం, రేటు పడిపోతుంది. కాబట్టి ఆ కిలోలో చిన్నవి నాలుగు ఎక్కువ పడితే కొనేవాళ్ళకి లాభం. నేను మాత్రం ఎంత వస్తే అంత రాస్తున్నాను. కారణం పెద్దదేం కాదు. చెరువు రైతు నా నెత్తి మీదే నిలబడి చూస్తుంటాడు, తేడా వస్తే గట్టు మీదే రచ్చ. ఇలా భయపడుతూ రోజూ సరిగ్గా రాస్తుంటే నేను నిజాయితీపరుడిని అవుతున్నట్టా, కానట్టా?

ఆక్వా బాబాయ్

అబ్బాయ్, నువ్వు కౌంటు తీస్తావా? అయితే ముందు నాకో మాట చెప్పు. శాంపిల్ ఏ ట్రేలోంచి తీస్తావు? మొదటి లాగుడులో వచ్చిన సరుకు వేరు, ఆఖర్న చెరువు అడుగు ఊడ్చినప్పుడు వచ్చేది వేరు. మొన్న మా చెరువు పట్టినప్పుడు ఒక కుర్రాడు నీలాగే బుద్ధిగా కూర్చుని లెక్కపెట్టాడు. లెక్కలో ఒక్క కాయ తేడా లేదు, నేనే మళ్ళీ లెక్కపెట్టాను. కానీ తీసింది మాత్రం అడుగు ఊడుపు ట్రేలోంచి! మొత్తం సరుక్కి ఆ కౌంటే వేశారు. పైగా నీరు కారిపోనివ్వకుండానే కాటా ఎక్కించి, ట్రేకి ఇంతని నీటి తరుగు కోశారు. దీనికి ఎక్కడ ఫిర్యాదు చెయ్యాలో తెలిసినవాళ్ళుంటే చెప్పండి. ఫిలాసఫీ తర్వాత చూద్దాం.

కొబ్బరి తోట

బాబాయ్ గారూ, ఇది ఆ చర్చ కాదండి.

తమ్ముడూ, నువ్వు ఊరికే బుర్ర పాడుచేసుకుంటున్నావు. తినగ తినగ వేము తియ్యనుండు అని మన వేమన ఎప్పుడో చెప్పేశాడు. ఏ పనైనా 21 రోజులు విడవకుండా చేస్తే అలవాటైపోతుంది. అలవాటంటే ఆలోచన లేకుండా చేతికి వచ్చేయడం. నీ చెయ్యి సరైన కౌంటు రాయడానికి అలవాటు పడిందనుకో, రేపు రైతు లేకపోయినా అదే రాస్తుంది. నిజాయితీ అంటే అంతే. భయంతో మొదలైందా, భక్తితో మొదలైందా అన్నది అనవసరం.

సగం ఎం.ఫిల్.

21 రోజుల లెక్క ఎక్కడిదో తెలుసా అన్నా? మ్యాక్స్‌వెల్ మాల్ట్జ్ అని ఒక ప్లాస్టిక్ సర్జన్. ఆపరేషన్ అయ్యాక కొత్త ముఖానికి అలవాటు పడటానికి పేషెంట్లకి కనీసం అన్ని రోజులు పడుతోందని 1960లో రాశాడు. చివరికి ఆ "కనీసం" ఎగిరిపోయి సంఖ్య ఒక్కటీ మిగిలింది. తర్వాత 2010లో లండన్ పరిశోధకులు 96 మంది మీద చూస్తే సగటున 66 రోజులు తేలింది. ఒకరికి 18 చాలితే ఇంకొకరికి 254 పట్టేలా కనిపించింది. అదీ భోజనంతో పండు తినడం, నీళ్ళు తాగడం, కాస్త నడవడం లాంటి వాటికి. నిజాయితీకి ఎన్ని రోజులో ఎవరూ కొలవలేదు.

పాత లెక్చరర్

బాబూ లంక కుర్రాడూ, నువ్వు ఇరుక్కున్న చోట అరిస్టాటిల్ కూడా ఆగాడు. అదే రెండో భాగంలో నాలుగో అధ్యాయం తియ్యి. "న్యాయమైన పనులు చేస్తున్నారంటే వాళ్ళు అప్పటికే న్యాయవంతులు కదా అని ఎవరైనా అడగొచ్చు" అన్న అర్థంలోనే మొదలవుతుంది.

ముందు ఆయన చిన్న ఉదాహరణ ఇస్తాడు. ఒకడు అక్షరం తప్పులేకుండా ఒక మాట రాశాడు. పొరపాటున కుదిరి ఉండొచ్చు, పక్కవాడు చెబితే రాసి ఉండొచ్చు. రాసింది ఒప్పే, కానీ వాడికి చదువొచ్చని అనలేం. తనకున్న చదువుతో రాసినప్పుడే ఆ మాట అంటాం. కాబట్టి పని సరిగ్గా ఉండటం వేరు, ఆ పని మనిషి లోపల నుంచి రావడం వేరు. ఈ రెంటి మధ్య సందు ఉంది కాబట్టే నేర్చుకోవడానికి చోటుంది.

తర్వాత ఇంకో అడుగు వేస్తాడు. అసలు కీలకం అక్కడే ఉంది. చేతిపనుల్లో అయితే తయారైన వస్తువు బాగుంటే చాలు. సద్గుణంలో అలా కాదు, చేసినవాడు ఎలాంటి స్థితిలో ఉండి చేశాడన్నది కూడా చూడాలి. తెలిసి చెయ్యాలి. ఆ పని మంచిదని, దాని కోసమే ఎంచుకుని చెయ్యాలి. ఊగిసలాట లేని స్థిరమైన స్వభావం నుంచి చెయ్యాలి. మొదటిది, అంటే తెలియడం, సద్గుణంలో చిన్న భాగమే అంటాడు. మిగతా రెండూ మళ్ళీ మళ్ళీ చేయడం వల్ల వచ్చేవి. వైద్యుడు చెప్పిందంతా శ్రద్ధగా విని ఒక్కటీ పాటించని రోగుల్లా చాలామంది వాదనల్లో తలదాచుకుంటారని ఆ అధ్యాయం చివర చురక కూడా ఉంది.

ఇప్పుడు నీ పుస్తకం తెరుద్దాం. పేజీలో 52 అని ఉంది. నిజంగా వచ్చిన కౌంటు కూడా 52. ఆ అంకె నలుగురు కుర్రాళ్ళు రాశారనుకో. ఒకడు రైతు చూస్తున్నాడని రాశాడు. రెండోవాడు 56 చేద్దామని చిన్నవి ఏరబోయి, చీకట్లో చెయ్యి తప్పి మామూలు శాంపిలే తీశాడు. మూడోవాడికి ఓనరు మెప్పు కావాలని లోపల పీకుతూనే ఉంది, పళ్ళ బిగువున 52 రాశాడు. నాలుగోవాడికి ఇంకో అంకె రాయాలనే రాలేదు, రైతు సరుక్కి రైతుకి రావలసింది రావడం వాడికి బాగుంది కూడా. అంకె ఒకటే. రైతు చేతిలో పడే డబ్బూ ఒకటే. న్యాయవంతుడు చేసే పని నలుగురూ చేశారు, న్యాయవంతుడు చేసినట్టు చేసింది నాలుగోవాడొక్కడే.

నీ చిక్కుముడి విడిపోయేది ఇక్కడే. మొదటివాడిగా మొదలుపెట్టడానికి ముందే న్యాయవంతుడై ఉండక్కర్లేదు. కానీ మొదటివాడు నాలుగోవాడు అవుతాడా, అయితే ఎలా అవుతాడు అన్నది ఇంకా మిగిలే ఉంది. కొబ్బరి తోట గారు చెప్పినట్టు చేతికి అలవాటైతే చాలదు.

కొబ్బరి తోట

ఎందుకు చాలదండి? నాలుగోవాడికి వేరే ఆలోచనే రాలేదన్నారుగా. నేనన్నదీ అదే. ఆలోచన లేకుండా రావడం.

వీణ టీచర్

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. అమలాపురంలో పిల్లలకి వీణ చెబుతాను, ఫిలాసఫీ చదవలేదు. అయితే ఈ చెయ్యి అలవాటు గొడవ నాకు రోజూ ఉండేదే.

ఒక పిల్ల ఇంట్లో రోజూ గంట సాధన చేస్తుంది, మానదు. కానీ మొదటి కాలం విసుగని ఎగ్గొట్టి, సరళీ వరుసలు మూడో కాలంలో పరిగెత్తిస్తుంది. ఎడమ చెయ్యి మెట్టు మీద సరిగ్గా ఆనదు. స్వరం పలికీ పలకకుండానే పక్కదానికి జారిపోతుంది. అలా కొన్ని నెలలు గడిస్తే ఆ జారుడే చేతికి స్థిరపడుతుంది. అసలు వీణ ముట్టని పిల్లకి నేర్పడం తేలిక, ఈ పిల్లకి ముందు ఉన్నది పోగొట్టాలి. రోజూ చేసింది కదా, అలవాటైంది కదా? అయింది. తప్పు అలవాటైంది.

ఇంకో సంగతి. బాగా నేర్చుకున్న పిల్లకి చెయ్యి ఒక్కటే కాదు, చెవి కూడా మారుతుంది. స్వరం వెంట్రుకవాసి తగ్గినా తనకే చిరాకేసి తనే ఆగుతుంది, నేను చెప్పక్కర్లేదు. ఆలోచన లేకుండా వాయిస్తోందని చూసేవాళ్ళకి అనిపిస్తుంది గానీ నిజానికి ముందుకంటే ఎక్కువ వింటోంది.

పాత లెక్చరర్

వీణ టీచర్ గారూ, చదవలేదంటూనే సగం పాఠం చెప్పేశారు. ఆయన కూడా వాద్యం సంగతే ఎత్తాడు. అక్కడ లైర్ అనే తంత్రీవాద్యం. మంచి వాద్యకారులూ చెడ్డ వాద్యకారులూ ఇద్దరూ వాయించడం వల్లే తయారవుతారని, అందుకే గురువు కావాలని, లేకపోతే అందరూ పుట్టుకతోనే మంచివాళ్ళో చెడ్డవాళ్ళో అయి ఉండేవారని రెండో భాగం మొదట్లోనే రాశాడు.

ఆ చెవి మాట పట్టుకోండి. ఆక్వా బాబాయ్ గారి ఫిర్యాదు చర్చకి సంబంధం లేదని కొబ్బరి తోట గారు కొట్టిపారేశారు గానీ, నాకు ఇక్కడ అంతకంటే పనికొచ్చే ఉదాహరణ కనిపించలేదు. ఆ కుర్రాడు ఒక్క కాయ తేడా లేకుండా లెక్కపెట్టాడు. చెయ్యి నిజాయితీగానే పనిచేసింది. తీసిన ట్రే మాత్రం అడుగు ఊడుపుది. కావాలని తీశాడో, దగ్గరగా ఉందని తీశాడో మనకి తెలియదు. దగ్గరగా ఉందని తీసి ఉంటే వాడు అబద్ధం రాయలేదు, అయినా రైతు నష్టపోయాడు. అంటే వాడికి వచ్చింది లెక్కపెట్టే అలవాటు. ఏ ట్రేలోంచి తీస్తే ఈ మనిషికి న్యాయం జరుగుతుందో కంటికి ఆనడం ఇంకా రాలేదు. అరిస్టాటిల్ దాన్ని వివేకం కింద పెట్టి ఆరో భాగంలో మాట్లాడతాడు. వివేకం లేని మంచితనం చూపులేని బలిష్ఠుడి లాంటిది, గట్టిగా కదులుతాడు కాబట్టే గట్టిగా పడతాడు అంటాడు.

కాబట్టి కొబ్బరి తోట గారూ, నాలుగోవాడికి ఆలోచన రాకపోవడం ఒక్క విషయంలోనే, చిన్నవి ఏరుదామా అన్న దాంట్లో. మిగతా విషయాల్లో వాడు అందరికంటే ఎక్కువ చూస్తాడు. మొదటి లాగుడు ట్రే ఒకటి, మధ్యది ఒకటి, ఆఖరుది ఒకటి తెప్పించి కలిపి తూస్తాడు.

ఆక్వా బాబాయ్

అదీ! చూశారా, మేడమ్ గారికి అర్థమైంది.

అయినా నాకు నమ్మకం లేదండి ఈ మారడం మీద. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. పాతికేళ్ళుగా చూస్తున్నాను, కాటా దగ్గర చేతివాటం చూపించేవాడు జీవితాంతం చూపిస్తూనే ఉంటాడు.

పాత లెక్చరర్

రాయిని పదివేలసార్లు పైకి విసిరినా పైకి పోవడం దానికి అలవాటు కాదు, వదిలేస్తే కిందకే పడుతుంది. పుట్టుకతో వచ్చిందంటే అలాంటిది అంటాడు అరిస్టాటిల్. మీ కాటా మనిషి పుట్టగానే కాటా పట్టుకోలేదు కదండి. ఎక్కడో ఎవరి దగ్గరో మొదలైంది. పాతికేళ్ళు మారకపోవడం మీరు అనుకున్నదానికంటే అరిస్టాటిల్‌కే ఎక్కువ కలిసొస్తుంది. రోజూ చేస్తే గట్టిపడుతుందనే కదా ఆయన అనేది.

లంక కుర్రాడు

మేడమ్, మొదటివాడు నాలుగోవాడు ఎలా అవుతాడో ఇంకా చెప్పలేదు. మా ఓనరు ఎప్పుడూ తప్పు రాయమని నోటితో అనడు. "చూసి తియ్యరా" అంటాడు, అంతే. మొన్న తెల్లవారుజామున పట్టుబడిలో రైతు టీకి వెళ్ళాడు, ఓనరు ఆ మాటే అన్నాడు. నేను మామూలుగానే తీశాను. 48 వచ్చింది, 48 రాశాను. రైతు లేడు కాబట్టి అది భయం కాదు. పోనీ నిజాయితీయా అంటే, ఓనరు ముఖం చూడాలంటే గుండె దడదడలాడింది. సంతోషమేం వెయ్యలేదు.

పాత లెక్చరర్

సరే, ఇక్కడ ఒక ప్రశ్న నీకు నువ్వే వేసుకో. మొదట్లో రైతు తిడతాడని భయం అన్నావు. తిట్టడని ముందే తెలిసి ఉంటే? ఆయన ఏమీ అనకుండా ఊరికే నీ వంక చూశాడనుకో. అప్పుడు కలిగేది భయమా, సిగ్గా?

ఈ రెండూ ఒకటి కావు. శిక్ష భయంతో ఆగినవాడు కెమెరా ఆపేస్తే మొదలెడతాడు, వాడి దృష్టి తప్పు మీద లేదు, దెబ్బ మీద ఉంది. సిగ్గుపడేవాడికి ఆ పనిలోనే ఏదో నీచం కనిపిస్తోంది. అరిస్టాటిల్ సిగ్గుని పూర్తి సద్గుణంగా లెక్కెయ్యలేదు, కానీ మీ వయసువాళ్ళకి ఉండవలసిందేనన్నాడు. పెద్దవాళ్ళకైతే అసలు సిగ్గుపడే పనే చెయ్యకూడదని ఆయన ఉద్దేశం. పదో భాగం చివర, చాలామంది సిగ్గుకి లొంగరు, భయానికే లొంగుతారని విసుక్కుంటాడు కూడా. మైల్స్ బర్నియాట్ అనే పండితుడు 1980లో రాసిన వ్యాసంలో ఈ సిగ్గునే నిచ్చెనలో మధ్యమెట్టుగా చూపించాడు. పిల్లవాడు ముందు పెద్దలు చెప్పారని చేస్తాడు. చేస్తూ చేస్తూ ఆ పనిలో ఉన్న మంచి రుచి తెలుస్తుంది. దానికి ఎదురు వెళ్తే సిగ్గేస్తుంది. ఎందుకు మంచిది అన్న కారణం ఆ తర్వాత తలకెక్కుతుంది.

రుచి తెలియడానికి చెయ్యడం తప్ప దారి లేదు. అందుకే మళ్ళీ మళ్ళీ చెయ్యడం. మళ్ళీ మళ్ళీ చేసినంత మాత్రాన రుచి తెలుస్తుందన్న హామీ కూడా లేదు. దడదడలాడిన గుండె సంగతి అడిగావు కదా. రెండో భాగం మూడో అధ్యాయంలో, చేసిన పని మీద కలిగే సంతోషమో బాధో మన స్వభావం ఎక్కడిదాకా వచ్చిందో చూపించే గుర్తు అంటాడు. ఓనరు కోపం వస్తుందని దడ ఉండటం తప్పు కాదు. "48 రాశానే, 51 రాసుంటే పోయేది" అని తర్వాత పీకిందా? పీకకపోతే నీ లెక్క ముందుకే పోయింది.

పేరు వద్దు

నాదొక మాట. ఇక్కడ రాయొచ్చో లేదో.

నేను మందు మానేశాను. మా ఆవిడకి తెలుసు, ఊళ్ళో అందరికీ తెలుసు. కానీ సాయంత్రం పని నుంచి వస్తూ కాలవ వంతెన దాటాక ఆ షాపు దగ్గరికి వచ్చేసరికి సైకిలు దానంతటదే నెమ్మదవుతుంది. రోజూ ఒకటే యుద్ధం. పైన మీరు రాసింది చదివితే, లోపల పీకేవాడు మూడో నంబరు, నాలుగోవాడే అసలు మంచివాడు అన్నట్టుంది. అయితే నేను చేస్తున్నది లెక్కలోకి రాదా?

కొబ్బరి తోట

అన్నా, నువ్వు రోజూ గెలుస్తున్నావు. కోరికే లేనివాడు మానడం గొప్పా, చచ్చేంత కోరిక ఉండి మానడం గొప్పా? నా ఓటు నీకే. ఇక్కడ అరిస్టాటిల్ మాట నేను ఒప్పుకోను. నాలుగోవాడికి పడాల్సిన కష్టమే లేదు, వాడికి మెడల్ ఎందుకు?

పాత లెక్చరర్

పేరు వద్దు గారూ, లెక్కలోకి వస్తుంది, ఖాయంగా వస్తుంది. ఏడో భాగంలో కోరికకి లొంగిపోయేవాణ్ణి, పెనుగులాడి నిలబడేవాణ్ణి విడివిడిగా పెట్టి రెండోవాణ్ణి మెచ్చుకుంటాడు. తనకి మితం వచ్చేసినవాణ్ణి మాత్రం వీళ్ళిద్దరికీ పైన ఉంచుతాడు. మీ లోపల రెండు మనసులు లాగుతున్నాయి, వాడి లోపల ఒకటే ఉంది. ఆయన చూసేది ఆ ఐక్యతని, కష్టాన్ని కాదు. ఇంకో మాట నా తరఫున. మందు వ్యసనంలో శరీరం పాత్ర ఎంతో ఉంటుందని మనకిప్పుడు తెలుసు. షాపు దగ్గర సైకిలు నెమ్మదవడాన్ని ఆయన పెట్టిన గుర్తుతో కొలిచి మిమ్మల్ని మీరు తక్కువ చేసుకోవద్దు. దాని కోసం డాక్టరు సాయం ఉంది, దారి మార్చుకుని రావడమూ ఉంది. అది ఓటమి కాదు.

కొబ్బరి తోట గారి ప్రశ్నని ఫిలిప్పా ఫుట్ అనే ఆవిడ 1978లో తీసుకుంది. ఆవిడ అడిగేదేమిటంటే, కష్టం ఎక్కడి నుంచి వస్తోంది? కడుపు కాలుతున్నవాడికి దొరికిన పర్సు తిరిగివ్వడం కష్టం. అది పరిస్థితి పెట్టిన కష్టం, దాన్ని దాటడానికి ఎక్కువ సద్గుణం కావాలి, కాబట్టి ఎక్కువ మెచ్చుకుంటాం. అన్నీ ఉన్నవాడికి కూడా పర్సు తిరిగివ్వడం కష్టంగా ఉందంటే, ఆ కష్టం వాడి గుణంలో ఉన్న లోటు నుంచే వస్తోంది. దాన్ని చూసి మెడల్ ఇవ్వలేం. మీరు రెండు కష్టాల్నీ ఒకే బుట్టలో వేశారు. మన కౌంటు కుర్రాడికి ఆ జీతం మీదే ఇల్లు గడుస్తుంటే వాడు 48 రాయడం వేరు, సెలవుల సరదాకి వచ్చినవాడు రాయడం వేరు.

కొబ్బరి తోట

బాగా చెప్పారు గానీ నా ఓటు మారలేదండి. వ్యసనం ఏ బుట్టలో పడుతుందో ఆవిడ లెక్కలో తేలడం లేదు. పరిస్థితా? గుణమా?

పాత లెక్చరర్

ఆ గీత ఎక్కడ గియ్యాలో నాకూ తేలికగా కనిపించడం లేదు.

పేరు వద్దు

దారి మార్చడం ఆలోచిస్తానండి. లాకుల మీదుగా వస్తే కాస్త చుట్టు, అంతే.

సగం ఎం.ఫిల్.

ఇంతసేపూ అందరూ స్వభావం అనేది ఒకటుందని ఒప్పేసుకుని మాట్లాడుతున్నారు. నాకు అనుమానం అక్కడే. 1928లో హార్ట్‌షోర్న్, మే అని ఇద్దరు అమెరికాలో వేలమంది స్కూలు పిల్లల మీద నిజాయితీ పరీక్షలు పెట్టారు. పరీక్షలో కాపీ, ఆటలో మోసం, డబ్బు, అబద్ధం, ఇలా రకరకాలుగా. ఒకచోట నిజాయితీగా ఉన్న పిల్లాడు ఇంకోచోట కూడా అలాగే ఉంటాడని చెప్పగలిగేంత పొంతన కుదరలేదు. కాపీ కొట్టనివాడు ఆటలో మోసం చేస్తాడు. అదే రకం పరిస్థితి మళ్ళీ వస్తే మాత్రం మళ్ళీ అలాగే చేస్తాడు. జాన్ డోరిస్ అనే తత్వవేత్త 2002లో దీన్నీ ఇలాంటివే మరికొన్నిటినీ పట్టుకుని, అరిస్టాటిల్ చెప్పేలాంటి స్వభావం మనుషుల్లో కనబడటం లేదని వాదించాడు.

ఈ తమ్ముణ్ణే చూడండి. కౌంటు 48 అయితే 48 రాస్తాడు. కాలేజీలో స్నేహితుడు రాకపోతే అటెండెన్సు పలకడా?

లంక కుర్రాడు

అది వేరే విషయం అన్నా. అందరూ పలుకుతారు.

సగం ఎం.ఫిల్.

చూశారా. హార్ట్‌షోర్న్, మే చెప్పిందే.

వీణ టీచర్

కల్యాణి బాగా వాయించే పిల్లకి తోడి రాలేదని సంగీతమే లేదంటామా? తోడి ఇంకా నేర్పలేదంటాం.

పాత లెక్చరర్

టీచర్ గారి జవాబు నాకు నచ్చింది, చాలామంది అరిస్టాటిల్ పక్షం వాళ్ళు చెప్పేదీ దగ్గరగా అదే. పూర్తి సద్గుణం అరుదని ఆయనే అన్నాడు. పిల్లల్లో అది కనిపించకపోవడంలో వింత లేదు, వాళ్ళింకా నేర్చుకునే దశలో ఉన్నారు. పైగా కాపీ కొట్టనివాడు ఎందుకు కొట్టలేదో ఆ పరీక్షలు చెప్పలేవు. దొరికిపోతానని కావచ్చు. అంకె చూసి నలుగురు కుర్రాళ్ళని విడదీయలేకపోయాం కదా, అదే ఇబ్బంది ఇక్కడా ఉంది.

అయితే ఈ విమర్శ నుంచి నేను ఒకటి తీసుకుంటాను. కాటా దగ్గర కుదిరిన అలవాటు అటెండెన్సు రిజిస్టరు దగ్గరికి తనంతట తాను నడిచి రాదు. కాటా దగ్గర రైతు కళ్ళ ముందున్నాడు, నష్టం ఎవరికో తెలుస్తోంది. రిజిస్టరు దగ్గర నష్టపోయేవాడు కనిపించడు. ఈ రెండూ ఒకే రకం పనులని ఎవరో ఒకరు చూపించాలి, లేదా మనమే ఎప్పుడో తేరిపార చూడాలి. సద్గుణాన్ని నైపుణ్యంతో పోలుస్తూ 2011లో పుస్తకం రాసిన జూలియా ఆనస్ కూడా, ఊరికే మళ్ళీ చెయ్యడం సరిపోదు, ఎందుకు అలా చెయ్యాలో అర్థం చేసుకుని కొత్తచోటికి తీసుకెళ్ళగలగాలి అంటుంది. బాబూ, "అందరూ పలుకుతారు" అన్నావే, మీ ఓనరు కూడా గట్టు మీద నిలబడి అదే మాట అనగలడు.

లంక కుర్రాడు

సరే మేడమ్. దెబ్బ బాగానే తగిలింది.

ఇంకొక్కటి. నాతోపాటు ఇంకొక కుర్రాడు పనిచేస్తాడు. పదో తరగతి మధ్యలో ఆపేసి చిన్నప్పుడే ఇంకో చోట కాటా దగ్గర చేరాడు. అక్కడ చిన్నవి ఏరడమే వాడికి నేర్పారట. ఇప్పుడు ఎవరూ చెప్పకపోయినా వాడి చెయ్యి చిన్నవాటి మీదకే పోతుంది, తప్పని కూడా అనుకోడు. "పనంటే ఇదే కదరా" అంటాడు. అలవాటే స్వభావం అయితే, ఆ అలవాటు వాడికి వేసింది ఇంకొకరైతే, తప్పు వాడిదెలా అవుతుంది?

పాత లెక్చరర్

మూడో భాగం అయిదో అధ్యాయంలో దీనికి జవాబు చెప్పబోయాడు. చేతిలోంచి విసిరేసిన రాయిని వెనక్కి రప్పించలేం, కానీ విసరడం మన చేతిలోనే ఉండింది. అలాగే ఇప్పుడు మారలేకపోయినా మొదట్లో అలా అవకుండా ఉండగలిగేవాడు కాబట్టి బాధ్యుడే అంటాడు. మన స్వభావానికి మనం కూడా కొంత కారణం అని ఒప్పిస్తాడు. తాగుడికి తనని తాను వదిలేసుకున్నవాడి విషయంలో ఇది కాస్త నిలుస్తుంది. చిన్నప్పుడే కాటా దగ్గర కూర్చోబెట్టిన పిల్లాడికి ఇది సరిపోదని నాకెప్పుడూ అనిపిస్తుంది. చిన్నప్పటి నుంచి ఎలా అలవాటు చేశారన్నది కొద్ది తేడా కాదు, మొత్తం తేడా అంతా అదే అన్నట్టు రెండో భాగంలో తనే రాశాడు. ఆ మాటా ఈ మాటా పక్కపక్కన పెడితే అతుకు కనిపిస్తుంది.

సగం ఎం.ఫిల్.

అతుకు కాదు మేడమ్, కన్నం. ఆయన పాఠాలు వినడానికి వచ్చినవాళ్ళు అప్పటికే మంచి ఇళ్ళల్లో పెరిగి ఉండాలని మొదటి భాగంలోనే షరతు పెట్టాడు. ఈ కాటా కుర్రాడికి ఆ క్లాసులో సీటే లేదు.

ఆక్వా బాబాయ్

సీటు సంగతి అలా ఉంచండి. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు గానీ, మా దగ్గర అలాంటి కుర్రాడే ఒకడు చేరాడు. మొదటి రోజే చెప్పాను, మూడు ట్రేలు నేను చూపిస్తాను, వాటిలోంచే తియ్యాలి అని. నెల తిరిగేసరికి వాడే మూడు ట్రేలు పక్కన పెట్టి నన్ను పిలుస్తున్నాడు. వాడి స్వభావం మారిందో నా మీద భయమో నాకు తెలియదు.

పాత లెక్చరర్

వంకర కర్రని సాపు చెయ్యాలంటే రెండోవైపుకి బాగా వంచి పట్టాలని రెండో భాగం చివర ఆయనా అన్నాడు, మీ సామెతకి ఎదురు. మీరు ఊళ్ళో లేని రోజున వాడు ఏ ట్రేలోంచి తీశాడో రాయండి, మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.

ఆక్వా బాబాయ్

వచ్చే వారం పట్టుబడి ఉంది. మా బావమరిదిని నిలబెడతాను.

సగం ఎం.ఫిల్.

బావమరిది నిలబడితే ఇంక పరీక్ష ఏముంది బాబాయ్!